పన్నెండో తేదీ దాటితే రాని రిపోర్టు

“సార్, మీ సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు. రిపోర్టు రావట్లేదు. చాలా అర్జెంటు, వెంటనే చూడండి.”

హైదరాబాద్‌లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక చిన్న ఆఫీసుకు శుక్రవారం సాయంత్రం ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకుందాం. పంపింది ఒక మండల కేంద్రంలో ఎరువులు, విత్తనాలు అమ్మే దుకాణంలో లెక్కలు చూసే అమ్మాయి. జులై నెల, నాట్ల సీజను. కౌంటర్ ముందు రైతులు నిలబడి ఉన్నారు. ఆ తొందరలో ఆమె రాసిన మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ వాటిని పట్టుకుని డెవలపర్ చేయగలిగింది ఒక్కటే. తన కంప్యూటర్లో అదే ప్రోగ్రాం తెరిచి రిపోర్టు బటన్ నొక్కుతాడు. రిపోర్టు చక్కగా వస్తుంది. “మా దగ్గర బాగానే వస్తోందండీ” అని జవాబు పెడతాడు.

అక్కడి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఏ రిపోర్టు అండీ? ఏ తేదీకి? ఎర్రర్ ఏమైనా చూపించిందా? ఏమని? ఆమె కౌంటర్ వదిలి వచ్చేసరికి అతను ఇంకో పనిలో ఉంటాడు. అతను తిరిగి ఫోన్ చేసేసరికి ఆమె సిస్టం ముందు ఉండదు. శనివారం, ఆదివారం అలాగే పోతాయి. సోమవారం పొద్దున ఇద్దరూ దొరికినా ఆమెకు ఆ ఎర్రర్‌లోని మాటలు గుర్తుండవు.

ఈ ఫోన్లేవీ అక్కర్లేకుండా చేసే మెసేజ్ ఒకటి ఉంటుంది. దాన్ని రాయడానికి ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. దుకాణంలోని ఆ అమ్మాయి పది పదిహేను నిమిషాల్లో దాన్ని ఎలా తయారుచేయగలదో చూద్దాం.

ముందు డెవలపర్‌కు ఏం కావాలో తెలియాలి. అతనికి మొదట కావలసింది కారణం కాదు. ఆమె తెరమీద జరిగింది అచ్చంగా తన తెరమీద కూడా జరగాలి. దాన్నే వాళ్ల భాషలో బగ్‌ను రీప్రొడ్యూస్ చేయడం అంటారు. ఒక్కసారి తన కంప్యూటర్లో అదే తప్పు కనపడితే, ప్రోగ్రామును నడుస్తుండగానే మధ్యలో ఆపి, ఒక్కో లైను దగ్గర ఏ పెట్టెలో ఏ విలువ ఉందో చూసుకుంటూ పోవచ్చు. తప్పు ఎక్కడ పుట్టిందో సాధారణంగా అక్కడే దొరికిపోతుంది. కనపడకపోతే అతను చీకట్లో రాళ్లు వేయాల్సిందే. ఏదో ఒకటి ఊహించి, మార్చి, “ఇప్పుడు చూడండి” అంటాడు. అలా మార్చినదాని వల్ల ఇంకోటి చెడిపోవచ్చు కూడా.

మరి ఒకే ప్రోగ్రాం ఇక్కడ చెడి అక్కడ బాగా ఎందుకు నడుస్తుంది? ప్రోగ్రాం ఒక్కటే అయినా దాని చుట్టూ ఉన్నది ఒక్కటి కాదు కాబట్టి. విండోస్ వేరు, అందులోని సెట్టింగులు వేరు, డేటా వేరు, లాగిన్ అయిన మనిషికి ఇచ్చిన అనుమతులు వేరు. ఈ తేడాల్లో ఏదో ఒకటి అసలు దోషి. ఏదన్నది ఆమెకు తెలియదు, అతనికీ తెలియదు. మంచి బగ్ రిపోర్టు చేసే పనల్లా ఆ తేడాలను అతని కళ్లముందు పెట్టడం.

రాయడానికి కూర్చునే ముందు ఆమె చేయాల్సిన పని కొంత ఉంది. మెసేజ్ బాగుండటం చాలావరకు ఈ పని మీదే ఆధారపడుతుంది.

మొదట గుర్తు తెచ్చుకోవాల్సింది, చివరిసారి సరిగ్గా ఎప్పుడు పనిచేసింది అన్నది. జులై 13 దాకా ఆమె రోజూ సాయంత్రం రోజువారీ అమ్మకాల రిపోర్టు తీసింది, ఏ ఇబ్బందీ లేదు. 14న దుకాణానికి కొత్త కంప్యూటర్ వచ్చింది. ఆ సాయంత్రం నుంచే ఎర్రర్. ఈ ఒక్క విషయం డెవలపర్‌కు బంగారం లాంటిది. ఎందుకంటే ప్రోగ్రాం మారలేదు, డేటా మారలేదు, మిషను మారింది. వెతకాల్సిన చోటు ఒక్కసారిగా చిన్నదైపోయింది.

తర్వాత ఆమెకు తోచాల్సింది, అన్ని తేదీలకూ ఇలాగే ఉందా అన్న ప్రశ్న. 18వ తేదీ వేస్తే ఎర్రర్. 17, 16, 15 వేసినా అదే ఎర్రర్. 5వ తేదీ వేస్తే మాత్రం రిపోర్టు వచ్చింది. “సరే, పాతవాటికి వస్తోంది, కొత్తవాటికి రావట్లేదు” అని అక్కడ ఆగిపోవడం సహజం. ఆగకుండా మొత్తం ఎంత చూపిస్తోందో కూడా చూసిందనుకోండి. తెరమీద రూ.9,200 ఉంది. సీజను మధ్యలో ఒక రోజు అమ్మకం అంత తక్కువ ఉండదు. బిల్లుల పుస్తకం తీసి చూస్తే ఆ రోజు 2741 నుంచి 2779 వరకు 39 బిల్లులు, మొత్తం రూ.86,450. తెరమీద ఉన్నవి 1312 నుంచి 1318 వరకు ఏడు బిల్లులు. తేదీ గడిలో మాత్రం `5/7/2025` అనే కనిపిస్తోంది. అంటే తేదీ చూస్తే అనుమానం రాదు, బిల్లు నంబరు చూస్తేనే తేడా బయటపడుతుంది.

ఇంకొక్క తేదీ ప్రయత్నించింది, 7వ తేదీ. మొత్తం, బిల్లు నంబర్లు, అన్నీ పుస్తకంతో సరిపోయాయి.

ఇక్కడే చాలామంది విసుగెత్తి “ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు” అని రాసేస్తారు. టెస్టింగ్ పని చేసేవాళ్లకు ఇంత అయిష్టమైన వాక్యం ఇంకోటి ఉండదు. కంప్యూటర్‌కు మూడ్ ఉండదు. ఒక్కోసారి వస్తోందంటే, ఆ వచ్చినప్పుడు ఉండి రానప్పుడు లేనిది ఏదో ఉందని, దాన్ని మనం ఇంకా గుర్తించలేదని అర్థం. గుర్తించడం మన వల్ల కాకపోయినా ఫర్వాలేదు. ఏ తేదీకి ఏం వచ్చిందో విడివిడిగా రాసిస్తే చాలు, ఆ వరుస చూసి అతను పట్టుకుంటాడు.

చివరగా ఒక పోలిక. పాత కంప్యూటర్‌ను ఇంకా పారేయలేదు, గోదాములో ఉంది. దాని మీద అదే లాగిన్‌తో, అదే 18వ తేదీ వేసి చూసింది. రిపోర్టు సరిగ్గా వచ్చింది. ఇలా పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉండాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మిషను మార్చినప్పుడు తేదీ మార్చకూడదు, తేదీ మార్చినప్పుడు లాగిన్ మార్చకూడదు. రెండూ కలిపి మారిస్తే, తేడా దేనివల్ల వచ్చిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఇప్పుడు ఆమె రాసే మెసేజ్ ఇలా ఉంటుంది:

విషయం: రోజువారీ అమ్మకాల రిపోర్టు – కొత్త కంప్యూటర్లో తేదీ 13 నుంచి ఎర్రర్, 5వ తేదీకి వేరే బిల్లులు

సార్, నమస్తే.

ఇలా చేస్తే ప్రతిసారీ వస్తోంది:
1. అకౌంట్స్ లాగిన్‌తో ప్రోగ్రాంలోకి వెళ్లాను.
2. రిపోర్ట్స్ మెనూలో రోజువారీ అమ్మకాలు తెరిచాను.
3. ‘నుంచి’ గడిలో `18/07/2025`, ‘వరకు’ గడిలో `18/07/2025` టైప్ చేశాను.
4. ‘చూపించు’ బటన్ నొక్కాను.

రావాల్సింది: 18వ తేదీ బిల్లుల జాబితా.
వచ్చింది: చిన్న పెట్టెలో ఈ ఎర్రర్, కింద ఖాళీ జాబితా.

```
String was not recognized as a valid DateTime.
```

వేరే తేదీలు వేసి చూశాను. 13, 14, 15, 16, 17 తేదీలకు ఇదే ఎర్రర్. `05/07/2025` వేస్తే ఎర్రర్ రాలేదు కానీ బిల్లులు 1312–1318, మొత్తం రూ.9,200 చూపిస్తోంది. పుస్తకంలో ఆ రోజు బిల్లులు 2741–2779, మొత్తం రూ.86,450. `07/07/2025` వేస్తే మాత్రం అంతా సరిగ్గా ఉంది.

జులై 14న కొత్త కంప్యూటర్ పెట్టాం, అప్పటి నుంచే ఇలా ఉంది. పాత కంప్యూటర్లో ఇదే లాగిన్‌తో 18వ తేదీ రిపోర్టు ఇప్పుడు కూడా సరిగ్గా వస్తోంది. రెండింటిలోనూ ప్రోగ్రాం వెర్షన్ 4.2.1. కొత్తదానిలో విండోస్ 11, పాతదానిలో విండోస్ 10.

ప్రస్తుతానికి రిపోర్టులు పాత కంప్యూటర్లో తీసుకుంటున్నాం. జులై నెల జీఎస్టీఆర్-1 ఆగస్టు 11 లోపు వేయాలి, ఆలోపు కొత్తదానిలో సరి కావాలి. 18వ తేదీ, 5వ తేదీ స్క్రీన్‌షాట్లు పూర్తి తెరవి జతచేశాను.

అంతే. ఒక తెరలో పట్టే మెసేజ్. దీన్ని డెవలపర్ ఎలా చదువుతాడో ఇప్పుడు చూడాలి.

విషయం లైను చదవగానే అతనికి ఏ స్క్రీను, ఏ పరిస్థితి, ఏం జరుగుతోంది అన్న మూడూ తెలిశాయి. “అర్జెంట్” అని గానీ “సాఫ్ట్‌వేర్ సమస్య” అని గానీ ఉన్న లైన్లు అతని దగ్గర ఇంకా ఇరవై ఉండి ఉంటాయి. రెండు నెలల తర్వాత ఇంకో దుకాణం నుంచి ఇలాంటిదే వస్తే, వెతికితే దొరికేది కూడా ఈ లైనే.

తర్వాత మెట్లు. ఇక్కడ మెసేజ్ విలువంతా ‘టైప్ చేశాను’ అన్న మాటలో, ఏం టైప్ చేసిందో అక్షరం పొల్లుపోకుండా ఇవ్వడంలో ఉంది. “నిన్నటి తేదీ వేశాను” అని రాసి ఉంటే, అతను తనకు అలవాటైన తీరులో తేదీ వేసుకునేవాడు, లేదా క్యాలెండర్ బొమ్మ నొక్కి ఎంచుకునేవాడు. అలా ఎంచుకుంటే ఈ తప్పు బహుశా రాకపోవచ్చు కూడా. చేత్తో టైప్ చేసిందీ, క్యాలెండర్ నుంచి ఎంచుకుందీ ప్రోగ్రాం లోపల వేర్వేరు దారుల్లో పోవచ్చు. బయటినుంచి చూసేవాళ్లకు ఆ రెండూ ఒకటే. అందుకే ఏం చేశామో చేసినట్టే రాయాలి.

రావాల్సింది, వచ్చింది అని రెండు వేరు చేసి రాయడం కొత్త పద్ధతేమీ కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా వాళ్లు బగ్గులు నమోదు చేసుకోవడానికి బగ్‌జిల్లా అనే వ్యవస్థను 1998లోనే బయటికి తెచ్చారు. మెట్లు, జరిగింది, జరగాల్సింది అన్న మూడు శీర్షికలు అందులో బగ్ రాసేవాళ్లందరికీ అలవాటైపోయాయి. వీటిలో జనం తరచూ వదిలేసేది ‘రావాల్సింది’. అది అందరికీ తెలిసిందే కదా అనిపిస్తుంది. 18వ తేదీ విషయంలో నిజంగానే తెలిసిందే. 5వ తేదీ సంగతి అలా కాదు. అక్కడ తెరమీద ఎర్రర్ లేదు, జాబితా ఉంది, మొత్తం ఉంది. పుస్తకంలోని రూ.86,450 ఆమె రాయకపోతే ఆ స్క్రీన్‌షాట్‌లో తప్పేముందో డెవలపర్‌కు ఎప్పటికీ తెలియదు. ఎర్రర్ చూపించకుండా తప్పు లెక్క చూపించేవే ప్రమాదకరమైన బగ్గులని నా గట్టి అభిప్రాయం. ఎర్రర్ వస్తే పని ఆగుతుంది, మనిషి ఫోన్ చేస్తాడు. తప్పు లెక్కను ఎవరూ గమనించకపోతే అది రిటర్నుల్లోకి పోయి కూర్చుంటుంది.

ఎర్రర్‌లోని మాటలను ఆమె తెలుగులోకి మార్చలేదు, “ఏదో డేట్ ఎర్రర్” అని కుదించలేదు. ఉన్నది ఉన్నట్టు దించింది. ఆ ఇంగ్లీషు వాక్యం ఆమెకు పెద్దగా ఏమీ చెప్పకపోవచ్చు. డెవలపర్‌కు మాత్రం అది చాలా చెబుతుంది. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో రాసిన ప్రోగ్రాములు, ఇచ్చిన అక్షరాలను తేదీగా అర్థం చేసుకోలేకపోయినప్పుడు చూపే వాక్యం అది. ఒక్క లైనుతో అతనికి వెతకాల్సిన చోటు దొరికింది. ఇలాంటి ఎర్రర్ పెట్టె తెరమీద ఉన్నప్పుడు కీబోర్డు మీద కంట్రోల్, సి కలిపి నొక్కితే విండోస్‌లో చాలాసార్లు ఆ మాటలన్నీ కాపీ అవుతాయి. మెసేజ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. కాకపోతే చూసి టైప్ చేయాలి. ఫొటో ఒక్కటే పంపితే అందులోని మాటలు తర్వాత వెతుక్కోవడానికి దొరకవు.

అయినా స్క్రీన్‌షాట్ కావాలి. ఈ బగ్ విషయంలో కీలకం అక్కడే ఉంది. ఆమె ఎర్రర్ పెట్టె వరకే కత్తిరించకుండా పూర్తి తెర పంపింది. డెవలపర్ దాన్ని తెరిచి, ఎర్రర్ చూసి, కింద కుడి మూల గడియారం దగ్గరికి చూపు పోనిచ్చాడు. అక్కడ తేదీ ఇలా ఉంది:

```
7/18/2025
```

మన దగ్గర ఉండాల్సింది ముందు రోజు, తర్వాత నెల. ఇక్కడ నెల ముందుంది. అంటే కొత్త కంప్యూటర్లో విండోస్ ఎక్కించినవాళ్లు ప్రాంతం దగ్గర ఇండియా ఎంచుకోకుండా, ముందే ఎంచి ఉన్న అమెరికానే వదిలేశారు. అమెరికాలో తేదీ రాసే పద్ధతి నెల, రోజు, సంవత్సరం. ఆ అమ్మాయికి ఈ గడియారంతో సంబంధం ఉందని తెలియదు. తెలియక్కర్లేదు కూడా. కత్తిరించకుండా పంపడమే ఆమె చేసిన మేలు.

ఇక లెక్కంతా తేలిపోతుంది. ఆమె `18/07/2025` అని టైప్ చేస్తే ప్రోగ్రాం దాన్ని విండోస్ సెట్టింగు ప్రకారం 18వ నెల, 7వ రోజు అని చదివింది. పద్దెనిమిదో నెల లేదు, అందుకే ఎర్రర్. పన్నెండు దాటిన ఏ రోజుకైనా ఇంతే. `05/07/2025` అంటే దానికి మే నెల 7వ తేదీ. అలాంటి రోజు ఉంది, ఆ రోజు ఏడు బిల్లులున్నాయి, వాటిని తెచ్చి చూపించింది. జాబితాలో తేదీని కూడా అమెరికా పద్ధతిలోనే `5/7/2025` అని రాసింది. మనం దాన్ని జులై 5 అని చదువుకున్నాం. `07/07/2025` ఎటు నుంచి చదివినా ఒకటే, అందుకే అది సరిగ్గా వచ్చింది. ఆమె ఆ మూడో తేదీ రాయకపోయినా బగ్ దొరికేదే. కానీ మూడూ పక్కపక్కన ఉండటం వల్ల, స్క్రీన్‌షాట్ చూడకముందే అనుభవమున్న డెవలపర్‌కు రోజు, నెల తారుమారయ్యాయన్న అనుమానం వచ్చేస్తుంది.

అతను తన కంప్యూటర్లో విండోస్ ప్రాంతాన్ని అమెరికాకు మార్చి, ఆమె రాసిన నాలుగు మెట్లూ అలాగే చేశాడు. అదే ఎర్రర్ వచ్చింది. ప్రోగ్రాంలో తప్పు ఉన్న లైను ఇది:

```
DateTime.Parse(txtFrom.Text)
```

గడిలోని అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో ఇది చెప్పదు, ఆ నిర్ణయాన్ని విండోస్‌కు వదిలేస్తుంది. దాన్ని ఇలా మార్చాడు:

```
DateTime.ParseExact(txtFrom.Text, "dd/MM/yyyy",
    CultureInfo.InvariantCulture)
```

ఇప్పుడు ఏ దేశం సెట్టింగు ఉన్నా ముందున్నది రోజే. ఇంత పనికి ఒక్క ఫోన్ కాల్ కూడా పడలేదు.

ఇదే మెసేజ్‌లో ఆమె రాయనిది ఒకటుంది, దాన్ని కూడా గమనించాలి. కారణం ఏమై ఉంటుందో ఆమె ఊహించి రాయలేదు. “సర్వర్ ప్రాబ్లం అనుకుంటా”, “మొన్నటి అప్‌డేట్ వల్లే పాడైంది” లాంటి మాటలు లేవు. పుట్టీ అనే ప్రోగ్రాంను తయారుచేసిన బ్రిటిష్ ప్రోగ్రామర్ సైమన్ టాథమ్ బగ్గులు ఎలా నివేదించాలో 1999లో ఒక వ్యాసం రాశాడు, దాన్ని ఇప్పటికీ చదువుతున్నారు. ముందు లక్షణాలు చెప్పండి, మీ రోగనిర్ధారణ లక్షణాల స్థానంలోకి రాకూడదు అన్నది అందులోని ముఖ్యమైన సంగతుల్లో ఒకటి. ఊహ ఉంటే రాయొచ్చు. చివర, ఊహ అని చెప్పి రాయాలి. ఇబ్బంది ఎక్కడంటే, “సర్వర్ నుంచి 18వ తేదీ డేటా రావట్లేదు” అని రాస్తే అది చూసిన విషయంలా కనిపిస్తుంది. డెవలపర్ సగం రోజు సర్వర్‌లో వెతుకుతాడు. ఆమె నిజంగా చూసింది ఎర్రర్ పెట్టెను మాత్రమే.

‘అర్జెంట్’ అన్న మాట కూడా ఆమె మెసేజ్‌లో లేదు. దాని బదులు పాత కంప్యూటర్‌తో పని నడుస్తోందని, ఆగస్టు 11 గడువు ఉందని రాసింది. డెవలపర్ దగ్గర అదే రోజు ఇంకో దుకాణంలో అసలు బిల్లే కొట్టలేని పరిస్థితి ఉంటే, అతను ముందు దాన్ని చూసి, తర్వాత దీన్ని చూడగలడు. గడువు తెలిసింది కాబట్టి దీన్ని మరిచిపోడు.

తేదీ బగ్గులో కంటికి కనిపించే తేడా ఉంది. కంటికి అసలు కనిపించని తేడా ఉన్నప్పుడు ఏం చేయాలి? తెలుగు రాసేవాళ్లు ఈ సంగతి ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక బగ్ ప్రపంచమంతా పాకింది. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ హోం స్క్రీనే కుప్పకూలేది. ఆ అక్షరం ‘జ్ఞా’ అని వార్తలు వచ్చాయి. మనవాళ్లు చాలామంది తమ ఫోన్లో జ్ఞానం, విజ్ఞానం అని టైప్ చేసి చూశారు, ఏమీ కాలేదు. “మా దగ్గర బాగానే వస్తోంది” అన్నదే ఇక్కడ కూడా జవాబైంది.

అసలు సంగతి ఏమిటంటే, ఫోన్‌ను పడగొట్టిన ‘జ్ఞా’లో మనం రోజూ రాసే ‘జ్ఞా’లో లేని ఒక గుర్తు ఉంది. జ, పొల్లు, ఞ తర్వాత, దీర్ఘానికి ముందు ఒక కనిపించని అక్షరం. దాని పని పక్కపక్క అక్షరాలను కలవనీయకుండా ఆపడం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ ఒత్తు పడకుండా మనం వాడేది దాన్నే. మామూలు ‘జ్ఞా’లో దానికి చోటు లేదు, అవసరమూ లేదు. ఇలాంటి బగ్గును తెలుగు అక్షరాల్లో రాసి పంపితే దారిలో ఆ గుర్తు రాలిపోవచ్చు. స్క్రీన్‌షాట్‌లో అది కనపడనే కనపడదు. ఖచ్చితంగా చెప్పే దారి ఒక్కటే, ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఇచ్చిన సంఖ్యను వరుసగా రాయడం:

```
U+0C1C U+0C4D U+0C1E U+200C U+0C3E
```

నాలుగోది ఆ కనిపించని గుర్తు. ఇలా రాస్తే తెలుగు చదవడం రాని ఇంజినీరు కూడా అదే వరుసను పేర్చి అదే తప్పును తన ముందు తెప్పించుకోగలడు. రాసిన ఈ సంఖ్యలు చదివేవాడి ఫోన్‌ను పడగొట్టవు కూడా. ఆపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దీన్ని సరిచేసింది.

మామూలు వాడకందార్లు యూనికోడ్ సంఖ్యలు రాయాలని నేను అనడం లేదు. తెలుగులో పేరు తప్పుగా ముద్రణ అవుతోంది, వెతికితే దొరకట్లేదు అన్నప్పుడు ఆ పేరును ఫొటోతో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్లో పెట్టి జతచేస్తే చాలు. మెసేజ్‌లో పేస్ట్ చేస్తే దారిలో మారొచ్చు, ఫైలు అలాగే చేరుతుంది. ఏ కీబోర్డుతో టైప్ చేశారో కూడా ఒక ముక్క రాయాలి. కనిపించని గుర్తులు ఎక్కువగా వచ్చేది అక్కడి నుంచే.

ఎంత ప్రయత్నించినా మళ్లీ తెప్పించలేని బగ్గులు కొన్ని ఉంటాయి. రోజుకొకసారి ఏదో ఒక వేళ ప్రింటు ఆగిపోతుంది, ఎందుకో తెలియదు. అప్పుడు మెట్లు రాయలేం. రాయగలిగింది సమయం. “మధ్యాహ్నం” అని కాదు, “జులై 18, 2:41కి” అని. ప్రోగ్రాములు తమలో తాము ఏం జరిగిందో సెకన్లతో సహా ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటూ ఉంటాయి. సమయం ఖచ్చితంగా ఉంటే డెవలపర్ ఆ లాగ్‌లో సరిగ్గా అక్కడికి పోతాడు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్నవాళ్లు ఇక్కడి ఆఫీసుకు రాస్తుంటే అది ఏ దేశం టైమో కూడా చెప్పాలి. దాంతోపాటు ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో రాయాలి. పది బిల్లులు కొడితే రెండింటికి ఆగింది అన్నది “అప్పుడప్పుడు” కన్నా ఎంతో మేలు. సరిచేశాక రెండు బిల్లులు కొట్టి బాగుందని అనుకోకూడదని, కనీసం యాభై కొట్టి చూడాలని ఆ లెక్కే డెవలపర్‌కు చెబుతుంది.

పూర్తి తెర పంపమన్నాను కాబట్టి ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఆ జాబితాలో రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఒక్కోసారి ఆధార్ నంబర్లు ఉంటాయి. వాటి మీద నల్ల గీత పెట్టి పంపాలి. బిల్లు నంబర్లు, తేదీలు, మొత్తాలు, ఎర్రర్, కింది గడియారం మాత్రం కనపడాలి. పాస్‌వర్డ్, ఓటీపీ ఏ డెవలపర్‌కూ మెసేజ్‌లో పంపక్కర్లేదు. బగ్ పట్టుకోవడానికి అవి అవసరం రావు. మీ లాగిన్‌కు ఏ అనుమతులున్నాయో చెబితే అతను తన దగ్గర అలాంటి లాగిన్ తయారుచేసుకుంటాడు.

సోమవారం మధ్యాహ్నం దుకాణానికి 4.2.2 వెర్షన్ వచ్చిందనుకుందాం. అది ఎక్కించాక చూడాల్సింది 7వ తేదీ కాదు, అది అంతకుముందు కూడా బాగానే ఉంది. 5, 12, 13, 18 తేదీలు వేసి పుస్తకంతో పోల్చాలి. పన్నెండు, పదమూడు ఎందుకంటే తప్పు తీరు మారింది సరిగ్గా ఆ రెండింటి మధ్యే. విండోస్ ప్రాంతాన్ని ఇండియాకు మార్చుకోవడం మంచిదే గానీ, ఈ పరీక్ష అయ్యాకే మార్చాలి. ముందే మార్చేస్తే పాత ప్రోగ్రాం కూడా సరిగ్గా పనిచేస్తుంది, కొత్తది నిజంగా బాగైందో లేదో తెలియదు. ఆ తర్వాత ఇంకో పని మిగులుతుంది. 14 నుంచి ఇప్పటివరకు కొత్త కంప్యూటర్లో ఎవరైనా నెల మొదటి పన్నెండు రోజుల్లో దేనికైనా రిపోర్టు తీసి ఉంటే, ఆ కాగితాలన్నీ వెతికి పక్కన పెట్టి, మళ్లీ తీయాలి. వాటిలో ఏదీ ఎర్రర్ చూపించి ఉండదు.